భోజనం దగ్గర పెద్దవాళ్లకు గొంతుకు అడ్డం పడితే ముందు వీపు మీద కొట్టాలా, పొట్ట గుంజాలా?

తులసికోట

మొన్న ఇంట్లో అందరం కలిసి భోజనం చేస్తుండగా మా మామగారికి మాంసం ముక్క గొంతుకు అడ్డం పడింది. మొదట ఆయన గట్టిగానే దగ్గారు. కాసేపటికి దగ్గులో శబ్దం పోయింది, నోరు తెరుస్తున్నా మాట రాలేదు, రెండు చేతులూ గొంతు మీదికి వెళ్లాయి. ఒకరు మంచినీళ్లు తాగించమన్నారు, ఇంకొకరు నోట్లో వేలు పెట్టబోయారు. మా మరిది వాళ్లను పక్కకు జరిపి, ఆయనను లేపి ముందుకు వంచి వీపు మీద బలంగా కొట్టాడు. అయిదు దెబ్బలకూ ఫలితం లేకపోయేసరికి వెనక నుంచి చేతులు చుట్టి పొట్టను లోపలికి గుంజాడు. కొన్ని గుంజుళ్లకు ముక్క ఎగిరి బయట పడింది.

అంతా కుదుటపడ్డాక వచ్చిన అతిథుల్లో ఒకాయన, వీపు మీద కొడితే ముక్క ఇంకా లోతుకు దిగుతుందనీ, మొదటి నుంచీ పొట్టే గుంజి ఉండాల్సిందనీ గట్టిగా వాదించారు. మా మరిది చేసిన క్రమం సరైనదా, కాదా? ఈ విషయం తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పాతపాఠం

మీ అతిథి చెప్పినదే సరైనది. పొట్ట గుంజే పద్ధతిని 1974లో హెన్రీ హైమ్లిక్ అనే శస్త్రవైద్యుడు ప్రచురించారు. వీపు మీద కొట్టడం ప్రాణం తీస్తుందని ఆయన జీవితాంతం వాదించారు. 1985లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ముఖ్య అధికారి అయిన సర్జన్ జనరల్ కూడా వీపు మీద కొట్టవద్దనీ, హైమ్లిక్ పద్ధతి ఒక్కటే వాడాలనీ ప్రకటించారు. నేను ప్రథమ చికిత్స నేర్చుకున్న రోజుల్లో మా గురువుగారు ఇదే చెప్పారు, నేను ఇప్పటికీ అదే పాటిస్తాను.

అత్యవసరవార్డు

అత్యవసర విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. పాతపాఠం గారు చెప్పిన చరిత్ర నిజమే, కానీ అది సగం చరిత్ర. అమెరికాలో చాలాకాలం పొట్ట గుంజడమే నేర్పారు. యూరప్ మార్గదర్శకాలు మాత్రం ముందు అయిదు వీపు దెబ్బలు, తర్వాత అయిదు పొట్ట గుంజుళ్లు అనే క్రమాన్నే పాటిస్తూ వచ్చాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా 2025లో పెద్దవాళ్ల విషయంలో ఇదే క్రమానికి మారింది. కాబట్టి తులసికోట గారి మరిది చేసినది నేటి పద్ధతి ప్రకారం సరిగ్గా ఉంది.

అయితే క్రమం కంటే ముందు చూడవలసినది దగ్గు. ఆమె రాసిన కథనంలో నా దృష్టికి అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం "దగ్గులో శబ్దం పోయింది" అన్నదే. మనిషి గట్టిగా దగ్గుతున్నాడంటే ఊపిరితిత్తుల్లోకి ఇంకా గాలి వెళ్తోంది, వస్తోంది. ఆ దగ్గు మన చేతులు పుట్టించగల ఏ ఒత్తిడికన్నా బలమైనది. అప్పుడు కొట్టకూడదు, గుంజకూడదు, నీళ్లు ఇవ్వకూడదు. పక్కనే నిలబడి "దగ్గండి, ఆపకండి" అని చెబుతూ ముఖం చూస్తూ ఉండాలి. "గొంతులో అడ్డం పడిందా?" అని అడిగితే మాటతో జవాబిచ్చినవారికి దారి పూర్తిగా మూసుకోలేదు. మాట రాక తల మాత్రమే ఊపారంటే, దగ్గు నిశ్శబ్దమైందంటే, గాలి పీలుస్తుంటే సన్నగా కీచుమని శబ్దం వస్తోందంటే ఇక ఆగకూడదు. పెదవులు నీలం రంగుకు తిరిగేదాకా ఎదురుచూడడం ఆలస్యం కిందికే వస్తుంది. ఆ క్షణంలోనే ఒకరు అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి, ఇంకొకరు కొట్టడం మొదలుపెట్టాలి.

పాతపాఠం

క్రమం మారిందన్న సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ ముక్క కిందికి దిగుతుందన్న భయానికి ఆధారమే లేదంటారా? నిలబడి ఉన్న మనిషిని వీపు మీద కొడితే భూమ్యాకర్షణ ముక్కను ఎటు లాగుతుంది?

శిక్షణశిబిరం

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. నిటారుగా నిలబెట్టి కొడితే మీ భయం సమంజసమే. అందుకే ముందు వంచాలి. నేను కార్యాలయాల్లో, కర్మాగారాల్లో ప్రథమ చికిత్స శిక్షణ ఇస్తుంటాను. నేర్చుకునేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా వదిలేసే దశ ఇదే. వాళ్లు చేయి ఎత్తి కొట్టడం గుర్తుపెట్టుకుంటారు కానీ, వంచడం మరచిపోతారు.

బాధితుడికి పక్కగా, కాస్త వెనకగా నిలబడాలి. ఒక చేతిని ఆయన రొమ్ముకు అడ్డంగా ఆనించి, శరీరపు బరువు ఆ చేతి మీదికి వచ్చేటట్టు నడుము దగ్గర నుంచి ముందుకు వంచాలి. ముక్క కదిలితే నోటి వైపు రావాలి గనుక తల రొమ్ముకన్నా కిందికి రావడం మంచిది. రెండో అరచేతిలో మణికట్టుకు ఆనుకుని ఉండే గట్టి భాగంతో, రెండు రెక్కల ఎముకల మధ్య కొట్టాలి. ఓదార్చేటప్పుడు తట్టే తట్టుడు ఇక్కడ పనికిరాదు. ప్రతి దెబ్బా విడిగా, ముక్కను కదిలించాలన్న ఉద్దేశంతో, బలంగా పడాలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ముక్క బయటపడిందా, ఊపిరి ఆడిందా అని చూడాలి. రెండో దెబ్బకే బయటపడితే మూడోది అక్కరలేదు. అయిదు అనేది గరిష్ఠ సంఖ్య, పూర్తి చేసి తీరవలసిన లెక్క కాదు.

నెమలికన్ను

నాకూ ఇలాగే జరిగింది. నమలకుండా మింగిన ముక్క రొమ్ము మధ్యలో ఇరుక్కుపోయింది. నొప్పి భరించలేకపోయాను, ఉమ్మి కూడా దిగక నోట్లోంచి కారిపోయింది. మా ఆవిడకు పరిస్థితి అంతా చెప్పి పొట్ట గుంజమన్నాను. ఆమె ఎంత గుంజినా ఏమీ కాలేదు. చివరకు ఆసుపత్రిలో గొంతులోంచి గొట్టం పంపి తీశారు. అందుకే ఈ పద్ధతి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

అత్యవసరవార్డు

నెమలికన్ను గారూ, మీరు పరిస్థితి అంతా మాటల్లో చెప్పగలిగారు. అంటే మీ ఊపిరి దారి తెరిచే ఉంది. మీకు అడ్డం పడినది అన్నవాహికలో. పొట్ట గుంజినప్పుడు రొమ్ముకూ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర, అంటే డయాఫ్రం, పైకి లేచి, ఊపిరితిత్తుల్లో మిగిలి ఉన్న గాలి ఒక్కసారిగా పైకి తన్నుకొస్తుంది. మూత పెట్టిన ఖాళీ ప్లాస్టిక్ సీసాను గట్టిగా నొక్కితే మూత ఎగిరినట్టు, ఆ గాలి శ్వాసనాళంలోని ముక్కను తోస్తుంది. అన్నవాహికలోని ముక్క వెనక అలాంటి గాలి నిల్వ ఉండదు గనుక ఎంత గుంజినా ఫలితం ఉండదు, పైగా దెబ్బలు తగులుతాయి. ఊపిరి ఆడుతూ, మాట వస్తూ, ఉమ్మి మాత్రం దిగడం లేదంటే ఏమీ తినకుండా, తాగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మీరు చివరకు చేసినది అదే, అది సరైన పనే.

నెమలికన్ను

ఈ తేడా నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పద్ధతి మీద అపనమ్మకం అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

తులసికోట

పొట్ట గుంజేటప్పుడు చేతులు కచ్చితంగా ఎక్కడ పెట్టాలో కూడా ఎవరైనా చెప్పండి. ఇంకొక విషయం కూడా అడగాలి. మామగారికి ఆ రోజు నుంచి ఎడమ పక్క పక్కటెముకల కింద నొప్పిగా ఉంది. దగ్గు కూడా పూర్తిగా పోలేదు. ఆయన మాత్రం గుంజినందువల్ల కండరం పట్టిందని అంటున్నారు, డాక్టరు దగ్గరికి రానంటున్నారు.

అత్యవసరవార్డు

ఈ రోజే తీసుకెళ్లండి, రేపటికి వాయిదా వేయకండి. పొట్ట గుంజడం ప్రాణం కాపాడే పనే అయినా, దానివల్ల పక్కటెముకలు విరగడం, ప్లీహం, కాలేయం, జీర్ణాశయం దెబ్బతినడం వైద్యంలో నమోదైన విషయాలే. ప్లీహం ఉండేది సరిగ్గా ఆ ఎడమ పక్కనే. అది కండరం నొప్పే కావచ్చు, కానీ ఆ మాట పరీక్షించిన డాక్టరు చెప్పాలి. దగ్గు తగ్గకపోవడానికి మరో కారణం ఉండవచ్చు. ముక్కలో కొంత భాగం విరిగి శ్వాసనాళపు కొమ్మలో మిగిలిపోతే రోజుల తరబడి దగ్గు, తర్వాత జ్వరం, న్యుమోనియా వస్తాయి. పొట్ట గుంజించుకున్న ప్రతి ఒక్కరినీ, ఎంత బాగా కనిపించినా, డాక్టరుకు చూపించాలన్నది నియమం. దారిలో కళ్లు తిరిగినా, ముఖం పాలిపోయినా, ఎడమ భుజంలోకి నొప్పి పాకినా అంబులెన్సును పిలవండి. డాక్టరుగారికి పొట్ట గుంజిన సంగతి మొదటి మాటగా చెప్పండి.

శిక్షణశిబిరం

చేతుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే పైన చెప్పిన గాయాల్లో కొన్ని చేతులు తప్పు చోట పెట్టినందువల్లే అవుతాయి.

బాధితుడి వెనక నిలబడి, ఒక కాలును ఆయన రెండు పాదాల మధ్యకు జరపండి. మధ్యలో ఆయన స్పృహ తప్పితే మీ తొడ మీదికి జారతారు, నేలకు తల కొట్టుకోదు. రెండు చేతులూ నడుము చుట్టూ పోనిచ్చి, ముందు బొడ్డు ఎక్కడుందో వేలితో వెతికి పట్టుకోండి. చొక్కా మడతల మీద అంచనా వేయకండి. ఒక చేతిని పిడికిలి బిగించి, బొటనవేలి వైపు పొట్టకు ఆనేటట్టు బొడ్డుకు కాస్త పైన పెట్టండి. రొమ్ముటెముక కింది కొసకు పిడికిలి తగలకూడదు. రెండో చేత్తో ఆ పిడికిలిని గట్టిగా పట్టుకుని, ఒక్క ఊపున లోపలికీ పైకీ గుంజండి. మోచేతులు ఎడంగా ఉండాలి. చాలామంది భయంతో రెండు ముంజేతులతో పక్కటెముకలను కౌగిలించుకున్నట్టు నొక్కేస్తారు. అప్పుడు బలమంతా ఎముకల మీద పడుతుంది, డయాఫ్రం కదలదు. ప్రతి గుంజుడూ ముందుదానితో కలిసిపోకుండా విడిగా ఉండాలి. ఇక్కడ కూడా అయిదు వరకే. ఫలితం లేకపోతే మళ్లీ ముందుకు వంచి వీపు దెబ్బలకు వెళ్లాలి.

పాతపాఠం

ఒకటి పనిచేయకపోతే రెండోదానికి మారడం ఎందుకు? పనిచేసే పద్ధతినే ఆపకుండా కొనసాగిస్తే సమయం కలిసివస్తుంది కదా?

శిక్షణశిబిరం

ఏ ముక్కకు ఏ పద్ధతి పనిచేస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. వీపు దెబ్బ ఒక కుదుపు, పొట్ట గుంజడం కింది నుంచి వచ్చే గాలి ఒత్తిడి. మొదటిది వదులు చేసిన ముక్కను రెండోది బయటికి తోయవచ్చు. ఒక్క పద్ధతితోనే అన్నీ బయటపడవన్నది ఇప్పటిదాకా నమోదైన సంఘటనలు చెప్పే మాట. తులసికోట గారి ఇంట్లో దెబ్బలు వృథా అయ్యాయని కూడా నేను అనుకోను.

సంధ్యారాగం

నాకు ఇప్పుడు ఏడో నెల. నాకే ఇలా జరిగితే మా ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

అత్యవసరవార్డు

వీపు దెబ్బలు మామూలుగానే కొట్టాలి. పొట్ట మాత్రం గుంజకూడదు. దానికి బదులు చేతులను చంకల కిందుగా పోనిచ్చి, పిడికిలిని రొమ్ముటెముక మధ్యలో పెట్టి నేరుగా వెనక్కి గుంజాలి. పైకి గుంజే కదలిక ఇందులో ఉండదు. చేతులు నడుము చుట్టూ అందనంత లావుగా ఉన్నవారికీ ఇదే పద్ధతి. ఈ నాలుగు మాటలు మీ ఇంట్లోవాళ్లకు ఈ రాత్రే చదివి వినిపించండి.

దక్షిణతీరం

నేను ఆస్ట్రేలియాలో ఉంటున్నాను. ఇక్కడ శిక్షణలో పొట్ట గుంజడం అసలు నేర్పరు. ఎవరికైనా సరే అయిదు వీపు దెబ్బలు, తర్వాత అయిదు రొమ్ము ఒత్తిళ్లే. గాయాల భయమే కారణమని చెప్పారు. పైన మామగారి నొప్పి గురించి చదివాక ఇదే మేలనిపిస్తోంది.

శిక్షణశిబిరం

నేను ఏకీభవించలేను. పొట్ట గుంజడం వల్ల బతికి బయటపడ్డవారి ఉదాహరణలు ప్రపంచమంతటా కోకొల్లలు. గాయం భయంతో దాన్ని మానేస్తే, రొమ్ము ఒత్తిడికి కదలని ముక్క ఉన్న మనిషి గతి ఏమిటి? విరిగిన పక్కటెముకకు వైద్యం ఉంది.

అత్యవసరవార్డు

ఇద్దరి వాదనలోనూ బలం ఉంది. రొమ్మును నొక్కినప్పుడు శ్వాసనాళంలో పుట్టే ఒత్తిడి పొట్ట గుంజినప్పటికన్నా తక్కువేమీ కాదని కొలతలు చూపించాయి. కానీ నిలబడి పెనుగులాడే మనిషి మీద ఏది మేలో నేరుగా పోల్చే పరీక్ష పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే దేశాల మధ్య ఈ తేడా కొనసాగుతోంది. ఎవరు ఏది నేర్చుకున్నారో, చేయి తడబడకుండా ఏది చేయగలరో అదే చేయడం మంచిదన్నది నా అభిప్రాయం.

దక్షిణతీరం

మీ అభిప్రాయాన్ని గౌరవిస్తాను, కానీ కొత్తగా నేర్చుకునేవారికి గాయం తక్కువ చేసే పద్ధతే ముందు నేర్పాలన్న నా మాట మీద నేను నిలబడతాను.

మౌనవీణ

నేను పెద్దపెద్ద విందుల్లో వడ్డన పర్యవేక్షణ చూస్తాను. ఈ చర్చలో రాని సంగతి ఒకటి ఉంది. అడ్డం పడినవారు తరచుగా కుర్చీలోంచి లేచి, నలుగురి ముందు ఇబ్బందిగా ఉంటుందని మౌనంగా చేతులు కడుక్కునే గది వైపు వెళ్లిపోతారు. అక్కడ పడిపోతే చూసేవారు ఉండరు. భోజనం మధ్యలో ఎవరైనా మాట్లాడకుండా నోటికి చేయి అడ్డం పెట్టుకుని లేచారంటే మా సిబ్బందిలో ఒకరు వెంట వెళ్లి తప్పక పలకరించాలని నేను నియమం పెట్టాను. జవాబు మాటలో వస్తే తిరిగి వచ్చేస్తారు.

పాతపాఠం

చాలా మంచి నియమం. గొంతుకు అడ్డం పడి చనిపోయినవారిని ఒకప్పుడు గుండెపోటుగా పొరపడేవారని నేను చదివాను. మాట రాకుండా కుప్పకూలడం చూసినవారికి అలాగే అనిపిస్తుంది.

ఒంటరిబాట

నేను ఒక్కడినే ఉంటాను. భోజనం చేసేటప్పుడు పక్కన ఎవరూ ఉండరు.

శిక్షణశిబిరం

దగ్గు వస్తున్నంతసేపూ దగ్గండి. దగ్గు ఆగిపోతే ముందు అత్యవసర నంబరుకు ఫోన్ చేసి, మాట్లాడలేకపోయినా లైను తెరిచి పక్కన పెట్టండి, వీలైతే వీధి తలుపు తీయండి. తర్వాత మీ పిడికిలితో మీరే పొట్టను గుంజుకోవచ్చు. అంత బలం చాలకపోతే, కదలని కుర్చీ వీపు అంచుకు బొడ్డు పైభాగం ఆనేటట్టు వంగి, శరీరపు బరువును ఒక్కసారిగా దాని మీద వేయాలి. దీనికి మరొకరు చేసినంత భరోసా లేదు, అందుకే ఫోన్ ముందు.

చిరుగాలి

ముఖానికి పెట్టి లాగితే ముక్క బయటికి వచ్చే గాలి పంపులు అమ్ముతున్నారు. ఒకటి కొని భోజనాల బల్ల దగ్గర పెట్టుకుంటే ఈ తంటాలన్నీ తప్పుతాయి కదా?

అత్యవసరవార్డు

దాన్ని వెతికి, విప్పి, బిగించే లోపు విలువైన సమయం పోతుంది. ఊపిరి పూర్తిగా ఆగితే మెదడుకు ఉండేది కొద్ది నిమిషాలే. మార్గదర్శకాలు ఇప్పటికీ చేతులతో చేసే పద్ధతులనే ముందు చేయమంటున్నాయి. మీ ఇంట్లో ఆ పంపు ఉన్నా సరే, దెబ్బలు, గుంజుళ్లు ఆపి దాని కోసం పరుగెత్తకండి.

సంధ్యారాగం

అయిదూ అయిదూ చేస్తూనే ఉన్నా ముక్క రాకుండా మనిషి పడిపోతే?

శిక్షణశిబిరం

అప్పుడు వీపు దెబ్బలు, పొట్ట గుంజుళ్లు రెండూ ఆగిపోతాయి. మనిషిని జాగ్రత్తగా నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, అంతకుముందు ఫోన్ చేసి ఉండకపోతే వెంటనే చేసి, స్పీకరులో పెట్టి సీపీఆర్ మొదలుపెట్టాలి. రొమ్ము మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, అయిదు సెంటీమీటర్లకు తగ్గకుండా, ఆరు దాటకుండా 30 సార్లు నొక్కాలి. ఆ ఒత్తిళ్లే ముక్కను కూడా పైకి తోస్తాయి గనుక నాడి కోసం వెతుకుతూ కూర్చోవద్దు. 30 ఒత్తిళ్లయ్యాక గడ్డం ఎత్తి నోరు తెరిచి చూడాలి. ముక్క కంటికి కనిపిస్తే వేళ్లతో తీసేయాలి. కనిపించకపోతే వేలు పెట్టి వెతకకూడదు, ఎందుకంటే గుడ్డిగా పెట్టిన వేలు ముక్కను ఇంకా లోపలికి నెడుతుంది. తర్వాత శిక్షణ ఉన్నవారు రెండు సార్లు నోటితో ఊదాలి. రొమ్ము లేవకపోతే ఊదడం కోసం ఆగిపోకుండా మళ్లీ ఒత్తిళ్లకు వెళ్లాలి.

తులసికోట

మామగారికి స్కాన్ చేశారు. ప్లీహానికి ఏమీ కాలేదు, ఒక పక్కటెముకలో సన్నని చీలిక ఉందన్నారు. ఊపిరితిత్తుల ఫోటో మామూలుగానే ఉన్నా, దగ్గు వారంలోగా తగ్గకపోతే లోపలికి గొట్టం పంపి చూస్తామన్నారు. పట్టుబట్టి వెళ్లమన్న నర్సుగారికి మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞతలు చెప్పమన్నారు.

వేపచెట్టు

మా నాన్నగారికి పక్షవాతం వచ్చాక చక్రాల కుర్చీలోనే భోజనం. మింగడం కూడా కష్టమే. ఆయనను నిలబెట్టడం నా ఒక్కదాని వల్ల కాదు. ఇవన్నీ కుర్చీలోనే చేయవచ్చా?

అత్యవసరవార్డు

చేయవచ్చు. ముందు చక్రాలకు బ్రేకు వేయండి, లేకపోతే మీ బలం కుర్చీని జరపడానికే సరిపోతుంది. రొమ్ముకు మీ చేయి ఆనించి ఆయనను ముందుకు వంచి వీపు దెబ్బలు కొట్టండి. నడుము పట్టీ వదులు చేస్తే వంగడం తేలికవుతుంది, కానీ ఆయన బరువు మీ చేతి మీద నిలిచాకే వదులు చేయండి. పొట్ట గుంజడానికి కుర్చీ వెనక మోకాళ్ల మీద కూర్చుంటే మీ చేతుల ఎత్తు సరిపోతుంది. కుర్చీ వీపు వెడల్పుగా ఉంటే చేతులు ముందుకు అందకపోవచ్చు, ఈ రోజే ఒకసారి కొలిచి చూసుకోండి, అందని పక్షంలో మీకు వీపు దెబ్బలే ప్రధానం. ఆయన మింగడాన్ని స్పీచ్ థెరపిస్టు చేత పరీక్ష చేయించారా? ఏ ముద్ద ఎంత మెత్తగా ఉండాలో, గడ్డం ఏ కోణంలో పెట్టి మింగాలో వాళ్లు చూసి చెబుతారు.

వేపచెట్టు

చేయించలేదు. అలాంటి పరీక్ష ఉందనే తెలియదు. కుర్చీ వీపు ఇప్పుడే కొలిచాను, నా చేతులు పొట్ట దాకా అందుతున్నాయి కానీ పిడికిలి పట్టు దొరకడం లేదు. తక్కువ వెడల్పు ఉన్న కుర్చీ కోసం రేపు అడుగుతాను.